నోటీసు తెలుగును మాట్లాడే తెలుగులోకి మార్చడం ఎలా? వేట నిషేధం పేరాతో ఒక పాఠం

కావలిలో మాది డీటీపీ షాపు. ఏడాది పొడుగునా పెళ్ళి కార్డులు, అర్జీలు, ఫ్లెక్సీలు. ఏప్రిల్ దగ్గర పడేసరికి మాత్రం ఇంకో పని వస్తుంది. బోగోలు మండలం తీరం నుంచీ, ఇస్కపల్లి వైపు నుంచీ వేటకు వెళ్ళేవాళ్ళు ఒక కాగితం పట్టుకొస్తారు. సముద్రంలో వేట నిషేధం గురించిన నోటీసు అది. దాన్ని ఆటోకు మైకు కట్టి ఊళ్ళో చెప్పించాలి, వాట్సాప్‌లో పెట్టాలి. అందుకని మామూలు మాటల్లో రాసిమ్మంటారు. మొదటిసారి వచ్చినాయన కాగితం నా ముందు పెట్టి అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది: "అక్కా, దీంట్లో మా బోటు ఉండాదా లేదా, ముందు అది చెప్పు."

ఆ కాగితంలో ఆయన బోటు ఉంది. కానీ తెలుగు చదవడం వచ్చిన మనిషికి కూడా ఆ సంగతి దొరకలేదు. ఇలాంటి పేరా మీ చేతికొచ్చినప్పుడు ఏం చేయాలో, నేను చేసే వరుసలోనే చెబుతాను. ఈ నోటీసుల ధోరణిలో నేనే రాసిన నమూనా ఇది:

> జిల్లా తీరప్రాంత మత్స్యకారులు మరియు పడవ యజమానులు యావన్మందికి తెలియజేయునది ఏమనగా, సముద్ర జలములందు మత్స్యసంపద యొక్క పునరుత్పత్తి కాలము అయినందున సదరు సంపద పరిరక్షణార్థము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, ఉభయ దినములు కలుపుకొని, మొత్తం 61 దినములు యాంత్రిక మరియు మోటారు పడవల ద్వారా వేట నిర్వహించుట నిషేధించడమైనది. యంత్రరహిత సాంప్రదాయ పడవలకు సదరు నిషేధము నుండి మినహాయింపు ఇవ్వబడినది. నిషేధమును అతిక్రమించినవారు ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం, 1994 ప్రకారము శిక్షార్హులనియు, అట్టివారి పడవలు మరియు మత్స్యసంపద స్వాధీనపరచుకొనబడుననియు, డీజిల్ రాయితీ నిలిపివేయబడవచ్చుననియు ఇందుమూలముగా తెలియజేయడమైనది.

ముందు మాటలు మార్చకండి

అందరూ చేసే మొదటి పని కష్టమైన మాట తీసేసి తేలిక మాట పెట్టడం. అలా చేస్తే వచ్చేది ఇది: "ఫిషర్‌మెన్, బోటు ఓనర్లు అందరికీ చెప్పేదేమిటంటే, చేపలు పిల్లల్ని పెట్టే టైమ్ అయినందున వాటిని కాపాడటం కొరకు ఇంజన్ బోట్ల ద్వారా వేట చేయడం బ్యాన్ చేయబడింది." ఒక్కో మాటా తెలిసినదే. అయినా మైకులో చదివితే ఎవరికీ ఎక్కదు. వాక్యం ఎముకలు నోటీసువే, పైన చొక్కా మాత్రమే మారింది. "నిషేధించడమైనది" బదులు "బ్యాన్ చేయబడింది" అన్నందువల్ల అది మాట్లాడే తెలుగు అయిపోదు.

అందుకని ముందు పెన్సిల్ తీసుకుని, పేరాలో పోగొట్టుకోకూడని విషయాలేవో విడిగా రాసుకోండి. దీంట్లో నాకు ఆరు దొరికాయి. ఎవరికి చెబుతున్నారు: వేటకు వెళ్ళేవాళ్ళకీ, బోటు ఓనర్లకీ. ఏది కూడదు: యాంత్రిక పడవలతోనూ, మోటారు పడవలతోనూ వేట. ఎప్పుడు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, రెండు రోజులూ లెక్కలోకే. ఎందుకు: అది పునరుత్పత్తి కాలం. ఎవరికి వర్తించదు: ఇంజను లేని సాంప్రదాయ పడవలకు. కాదని వెళితే ఏమవుతుంది: మూడు సంగతులు, మూడూ ఒకే బరువువి కావు. ఈ చివరిదాని దగ్గరకు మళ్ళీ వస్తాను. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ అక్కడే జరిగాయి.

ఇదే సమయంలో ఏ బరువూ లేని మాటల్ని కొట్టేయండి. "తెలియజేయునది ఏమనగా", "ఇందుమూలముగా తెలియజేయడమైనది" ఇవి రెండూ కాగితం అంచుకు వేసే గీతల్లాంటివి. తీసేస్తే సమాచారం ఏమీ పోదు. "సదరు", "అట్టి" కూడా అంతే, "ఈ", "ఆ" చాలు. "యొక్క" తీసేసి "చేపల పునరుత్పత్తి" అన్నా అర్థం అక్కడే ఉంటుంది. "మరియు" ఉన్న చోటల్లా తెలుగువాళ్ళం నోటితో చేసేది చేయండి: చివర అచ్చు సాగదీయడం. ఓనర్లూ, కళాసీలూ. బోట్లూ, వలలూ. "యావన్మందికి"ని మాత్రం పూర్తిగా తీసేయకూడదు. దాంట్లో "అందరికీ" అనే అర్థం ఉంది.

తేదీల లెక్క వేళ్ళమీద సరిచూసుకోండి. ఏప్రిల్‌లో 15 నుంచి 30 దాకా 16 రోజులు, మే 31, జూన్ 14. మొత్తం 61. అంటే "ఉభయ దినములు కలుపుకొని" అన్నమాట లెక్కకు సరిపోయింది. కొన్ని కాగితాల్లో తేదీ పక్కన "అర్ధరాత్రి" అని ఉంటుంది. "14 అర్ధరాత్రి" అంటే 13 గడిచిన రాత్రా, 14 గడిచిన రాత్రా అని ఒడ్డున నిజంగా వాదన జరుగుతుంది. రోజుల లెక్క చేతిలో ఉంటే దాన్ని తేల్చి "14వ తేదీ రాత్రి పన్నెండు దాటేదాకా" అని రాయొచ్చు.

చేసేవాళ్ళెవరో వెతకండి, దొరక్కపోతే వదిలేయండి

"నిషేధించడమైనది", "ఇవ్వబడినది", "స్వాధీనపరచుకొనబడును". ఈ పేరా బిగుసుకుపోయింది వీటివల్లే. మనం ఇంట్లో "అన్నం వండబడింది" అనం, "అన్నం వండాను" అంటాం, లేకపోతే "అన్నం అయింది" అంటాం.

పుస్తకాల్లో చెప్పే సలహా, కర్తను బయటికి తెచ్చి వాక్యం తిప్పమని. "ప్రభుత్వం వేట ఆపింది" అన్నచోట అది బాగానే ఉంటుంది, నిషేధం పెట్టేది ప్రభుత్వమే కాబట్టి. కానీ బోటు స్వాధీనం చేసుకునేదెవరు? మత్స్యశాఖ వాళ్ళా, పోలీసులా? పేరాలో లేదు. నేను "పోలీసులు పట్టుకుంటారు" అని రాస్తే, కాగితంలో లేనిదాన్ని నా చేత్తో కలిపినట్టు.

దీనికి తెలుగులోనే చక్కటి దారి ఉంది. కర్తను చెప్పకుండా బహువచనం క్రియ వేయడం: "బోటు స్వాధీనం చేసుకుంటారు." ఎవరో చెప్పలేదు, అయినా వాక్యం వెలితిగా లేదు. "రేపు కరెంటు తీసేస్తారంట", "కాలవకు నీళ్ళు వదులుతున్నారు" అని రోజూ అనుకునేది ఇలాగే. "-బడు" కనిపించిన ప్రతిచోటా ముందు దీన్ని పెట్టి చూడండి, ఎక్కువసార్లు సరిపోతుంది.

"నిర్వహించుట"దీ ఇదే కథ. ఒక పనికి సొంత క్రియ ఉండగా దాన్ని నామవాచకం చేసి వెనక "నిర్వహించు" తగిలిస్తారు. వేట నిర్వహించరు, వేటకు వెళతారు. తనిఖీ నిర్వహించరు, తనిఖీ చేస్తారు.

ఏ మాట మార్చాలి, ఏది ఉంచాలి

ఇప్పుడు మాటల దగ్గరకు రండి. ఇక్కడ తొందర పనికిరాదు.

"మత్స్యసంపద" చూడగానే చేయి "చేపలు" అని రాయబోతుంది. కానీ రొయ్యల వల వేసే మనిషి అది విని "మాది చేపల వేట కాదు కదా" అనుకోవచ్చు. మత్స్యసంపద అంటే చేపలతోపాటు రొయ్యలూ, పీతలూ అన్నీ. అందుకని బోటులో ఉన్న సరుకును స్వాధీనం చేసుకునే చోట "పట్టిన సరుకంతా" అంటాను. కారణం చెప్పే చోట "చేపలూ, రొయ్యలూ గుడ్లు పెట్టే కాలం" అంటాను. ఒకే మాటకు రెండు చోట్ల రెండు రూపాలు ఇచ్చాను, ఎందుకంటే ఆ రెండు చోట్లా అది చేసే పని వేరు.

"యాంత్రిక మరియు మోటారు పడవలు" ఇంకా చిక్కు. చదువరికి రెండూ ఒకటే అనిపిస్తాయి. వేటగాళ్ళకు కాదు. మొదటిది లోపలే ఇంజను ఉండి దూరం వెళ్ళే పెద్ద మర పడవ. రెండోది ఫైబర్ బోటుకో, తెప్పకో ఇంజను బిగించుకున్నది. "మర పడవలు వెళ్ళకూడదు" అని ఊరుకుంటే ఫైబర్ బోట్లవాళ్ళు తమకు వర్తించదనుకుంటారు. మా తీరంలో ఎక్కడ చూసినా కనిపించేవి ఫైబర్ బోట్లే. షాపుకొచ్చినాయన అడిగిన ప్రశ్న కూడా ఇదే. ఆయన బోటుకు ఇంజను ఉంది కాబట్టి నిషేధం ఆయనకూ ఉంది. అందుకే నేను "పెద్ద మర పడవైనా, ఇంజను బిగించిన ఫైబర్ బోటైనా, తెప్పైనా" అని పేర్లు పెట్టి రాస్తాను. పేరా కొంచెం పెరుగుతుంది. పెరగనివ్వండి. మాట తెలుగంటే పొట్టి తెలుగని కాదు.

"నిషేధం" అనే మాటను నేను మార్చను. ఒడ్డున అందరి నోటా ఉన్నది అదే: "నిషేధం ఎత్తేశారా?", "నిషేధంలో ఉండారు". చట్టం పేరూ, 1994 అన్న సంవత్సరమూ కూడా అలాగే ఉంచండి. ఎవరైనా ఆఫీసుకు వెళ్ళి అడగాలంటే పట్టుకోవాల్సిన కొస అదే. కాకపోతే దాన్ని వాక్యం మధ్యలోంచి తీసి చివరకు జరపొచ్చు.

బరువు తగ్గకూడదు, పెరగకూడదు

ఆఖరి వాక్యంలోని మూడింటినీ విడదీసి చూద్దాం. "శిక్షార్హులు" అంటే శిక్షకు తగినవాళ్ళు, చట్టప్రకారం శిక్ష వేయడానికి వీలుంది అని. "స్వాధీనపరచుకొనబడును" అంటే తీసుకుంటారు, అందులో అనుమానం లేదు. "నిలిపివేయబడవచ్చును" అంటే ఆపవచ్చు, ఆపకపోవచ్చు. మూడిట్లో మూడు రకాల గట్టితనం ఉంది. మామూలుగా రాసేవాళ్ళు మూడింటినీ కలిపి "శిక్ష పడుతుంది, బోటు పోతుంది, డీజిల్ రాయితీ పోతుంది" అనేస్తారు. వినడానికి బాగుంటుంది, బెదిరింపుగా పనిచేస్తుంది కూడా. కానీ అర్థం మారిపోయింది.

ఇక్కడ మాట్లాడే తెలుగుకు ఒక ఇబ్బంది ఉంది. "-వచ్చు"ను మనం అనుమతికీ వాడతాం, అనుమానానికీ వాడతాం. "రాయితీ ఆపొచ్చు" అంటే ఆపడానికి అధికారముందనా, ఆపుతారేమో అనా? గొంతులో తేడా తెలుస్తుంది గానీ కాగితం మీద తెలియదు. ఈ రెండో అర్థానికి మన నోట్లో ఉన్న అసలు పలుకుబడి వేరే ఉంది: "ఆపినా ఆపుతారు." వాన వచ్చినా వస్తుంది, బస్సు రాకపోయినా రాకపోవచ్చు అన్నట్టు. "నిలిపివేసే అవకాశం ఉంది" అనేది పత్రికల వాక్యం, తప్పు కాదు, మైకుకు మాత్రం బరువు. "శిక్షార్హులు"కు "శిక్ష వేసేందుకు చట్టం ఉంది" అని రాస్తాను. "జైల్లో వేస్తారు" అని రాయను, ఆ పేరాలో జైలు అనే మాటే లేదు.

కలపకూడనిదాన్ని కలిపి నేనొకసారి ఇబ్బంది తెచ్చిపెట్టాను. నిషేధం రోజుల్లో వేటగాళ్ళకు ప్రభుత్వం భృతి ఇస్తుందని అందరికీ తెలుసు. ఒక ఏడాది నోటీసులో దాని ఊసు లేకపోయినా, మేలు చేద్దామని చివర "ఈ రోజులకు భృతి ఇస్తారు" అని నేనే చేర్చాను. మైకులో అది విన్న ఆడవాళ్ళు నలుగురు బ్యాంకు పాసుబుక్కులు పట్టుకుని షాపుకే వచ్చారు, ఎప్పుడు పడతాయి, మా పేరుందా అని. నా దగ్గర జవాబు లేదు. ఎండలో అంతదూరం నడిచి వచ్చారు వాళ్ళు. అప్పటినుంచీ నాకు తెలిసిన సంగతి ఎంత నిజమైనా, పేరాలో లేకపోతే పేరాలోకి రానివ్వను. కావాలంటే కింద గీత గీసి "ఇది నోటీసులో లేదు" అని విడిగా రాస్తాను.

"జూన్ 15 నుంచి వెళ్ళొచ్చు" అనేది కూడా ఇలాంటిదే. లెక్క ప్రకారం సరే. కానీ నోటీసు వెళ్ళమని చెప్పలేదు, నిషేధం 14తో అయిపోతుందని మాత్రమే చెప్పింది. 15న తుపాను హెచ్చరిక ఉండొచ్చు. కాబట్టి "జూన్ 14తో నిషేధం అయిపోతుంది" అని ఆపండి.

వాక్యాన్ని ఎక్కడ తెంచాలి

మన భాషలో "చేసి, వెళ్ళి, తెచ్చి" అంటూ ఎంత పొడుగు వాక్యమైనా హాయిగా సాగుతుంది, చేసేది ఒక్కరే అయినంతసేపు. చేసేవాళ్ళు మారిన చోట తెంచండి. మన పేరాలో కాలం గురించిన మాట ఒకటి, ప్రభుత్వం ఆపడం ఒకటి, మనం వెళ్ళకపోవడం ఒకటి. మూడూ ఒకే వాక్యంలో ఇరుక్కున్నాయి. మూడు వాక్యాలు చేయండి.

వరుస కూడా మార్చండి. నోటీసు కారణంతో మొదలైంది. వినేవాడికి ముందు కావాల్సింది తన బోటు సంగతి, తేదీ. కారణం తర్వాత చెప్పినా వింటాడు. మినహాయింపును మాత్రం నిషేధం పక్కనే పెట్టండి. శిక్షల తర్వాత పెడితే అప్పటికి ఆటో వీధి మలుపు తిరిగిపోతుంది.

యాస ఎంత రాయాలి

మాట్లాడే భాష అనగానే కొందరు యాస మొత్తం దించేస్తారు. మా నెల్లూరు వైపు "పోబాకండి" అంటాం, ఒంగోలు దాటితే "పోమాకండి" అంటారు. రెండూ నాకు ఇష్టమైన మాటలే. కానీ ఆ వాట్సాప్ మెసేజీ కావలి నుంచి కొత్తపట్నం దాకా తిరుగుతుంది. పైగా "పోబాకండి"లో బతిమాలడం ఉంది, అయినవాళ్ళు చెప్పినట్టుంటుంది. నిషేధం అనేది బతిమాలడం కాదు. కాబట్టి అసలు వాక్యంలో ఒకసారి "వెళ్ళకూడదు" అని పడాలి. "వెళ్ళొద్దు" కూడా సరిపోదు, అది సలహాగానూ వినిపిస్తుంది. ఊరి మనిషే మైకు పట్టుకుంటే, అది చెప్పాక చివర "పోబాకండి అన్నా" అని తన నోటితో తనే కలుపుతాడు. కాగితంలో రాయనక్కరలేదు.

మర్యాద సంగతి కూడా చూసుకోండి. వేటగాళ్ళలో నాకన్నా పెద్దవాళ్ళూ ఉన్నారు, చిన్నవాళ్ళూ ఉన్నారు. "మీరు" అన్నది అందరికీ సరిపోతుంది. "అతిక్రమించినవారు" బదులు "ఎవరైనా వెళితే" అంటే వినేవాణ్ణి ముందే దొంగను చేసినట్టు ఉండదు.

ఇదంతా అయ్యాక నా చేతిలో మిగిలిన పేరా ఇది:

> వేటకు వెళ్ళేవాళ్ళకూ, బోటు ఓనర్లకూ అందరికీ చెబుతున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను ఉన్న ఏ బోటుతోనూ సముద్రంలో వేటకు వెళ్ళకూడదు. పెద్ద మర పడవైనా, ఇంజను బిగించిన ఫైబర్ బోటైనా, తెప్పైనా అంతే. మొదటి రోజు, ఆఖరి రోజు కలుపుకుని మొత్తం 61 రోజులు. ఇంజను లేని మామూలు పడవలకు ఈ నిషేధం లేదు. ఇది చేపలూ, రొయ్యలూ గుడ్లు పెట్టే కాలం, వాటిని కాపాడటానికే ప్రభుత్వం వేట ఆపింది. కాదని ఎవరైనా వెళితే బోటునూ, పట్టిన సరుకంతటినీ స్వాధీనం చేసుకుంటారు. డీజిల్ రాయితీ ఆపినా ఆపుతారు. శిక్ష వేసేందుకు చట్టం కూడా ఉంది: ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం, 1994.

సరిచూసుకోవడం

ముందు రాసుకున్న ఆరు విషయాలు తీసి ఒక్కోదానికీ టిక్ పెట్టండి. తర్వాత తిరగేసి చూడండి: కొత్త పేరాలో ప్రతి వాక్యానికీ పాతదాంట్లో చోటు చూపించగలగాలి. చూపించలేని వాక్యం మీరు కలిపినది. ఈ రెండో చూపు చాలామంది చూడరు. నా భృతి వాక్యం దీనికి దొరికి ఉండేది.

ఆపైన బయటికి చదవండి, మైకులో చదివినంత గట్టిగా. ఊపిరి చాలని చోట వాక్యం పొడుగైందని అర్థం. నాలుక తడబడిన చోట ఇంకా నోటీసు మాట మిగిలిందని అర్థం. నేను మొదట "సాంప్రదాయ పడవలకు" అని ఉంచాను, చదివినప్పుడల్లా అక్కడ ఆగిపోయాను, అప్పుడు "మామూలు పడవలకు" అయింది.

ఆఖరున నోటీసు చూడని మనిషికి ఒక్కసారి వినిపించి, ప్రశ్నలు అడగండి. "అర్థమైందా" అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. "ఇంజను పెట్టుకున్న తెప్ప వెళ్ళొచ్చా?" "జూన్ 14న వెళ్ళొచ్చా?" "రాయితీ కచ్చితంగా పోతుందా?" అని అడగండి. షాపులో జిరాక్సు కోసం నిలబడిన ఒకామెను ఇలాగే అడిగాను. మొదటి రెండూ సరిగ్గా చెప్పింది. మూడోదానికి కాసేపు ఆలోచించి, "ఆపినా ఆపుతారు అన్నావు గదక్కా, అంటే వాళ్ళిష్టం" అంది. దాంతో ప్రింటు తీసి, అసలు నోటీసును వెనక పెట్టి పిన్ను కొట్టి ఇచ్చేశాను. ఎవరికైనా అనుమానం వస్తే చూసుకోవడానికి అది కూడా వెంట ఉండాలి.